షోరూమ్ తలుపు దగ్గర నిలబడేది ఎవరు? సామాజిక విషయాలపై మాట్లాడే ముందు కంపెనీ వేసుకోవాల్సిన లెక్క

2020 అక్టోబర్ రెండో వారంలో తనిష్క్ ఒక యాడ్ విడుదల చేసింది. ముస్లిం ఇంటికి కోడలిగా వెళ్లిన హిందూ అమ్మాయికి అత్తగారు సీమంతం చేస్తుంటుంది. ఈ ఆచారం మీ ఇంట్లో లేదు కదా అని కోడలు అడుగుతుంది. కూతురిని సంతోషంగా ఉంచే ఆచారం ఏ ఇంట్లో లేదమ్మా అన్నట్టు అత్తగారు బదులిస్తుంది. అంతే, మొత్తం కలిపి నిమిషం కూడా ఉండదు. ఆ నగల కలెక్షన్‌కు పెట్టిన పేరు 'ఏకత్వం'.

రెండు మూడు రోజుల్లోనే ట్విట్టర్‌లో తనిష్క్‌ను బహిష్కరించాలనే పిలుపు దేశమంతా ట్రెండ్ అయింది. కంపెనీ ముందు యూట్యూబ్‌లో కామెంట్లు ఆపేసింది. తర్వాత యాడ్‌నే తీసేసింది. 13వ తేదీన ఇచ్చిన ప్రకటనలో ప్రజల మనోభావాలతో పాటు ఉద్యోగుల, భాగస్వాముల, షోరూమ్ సిబ్బంది క్షేమాన్ని కూడా దృష్టిలో పెట్టుకున్నామని చెప్పింది. అదే సమయంలో గుజరాత్‌లోని గాంధీధామ్‌లో ఒక తనిష్క్ షోరూమ్ తలుపు మీద గుజరాతీలో రాసిన క్షమాపణ నోటీసు కనిపించింది. షోరూమ్ మీద దాడి జరిగిందన్న వార్త నిజం కాదని పోలీసులు చెప్పారు. బెదిరింపు ఫోన్లు వచ్చిన మాట మాత్రం నిజమే.

ఈ కథలో నన్ను ఎప్పుడూ పట్టి లాగేది ఆ తలుపు మీది కాగితమే. యాడ్ రాసినవాళ్లూ దానికి ఓకే చెప్పినవాళ్లూ ఎక్కడో పెద్ద నగరంలో ఆఫీసులో ఉన్నారు. ఫోన్ ఎత్తి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది మాత్రం ఆ యాడ్‌తో ఏ సంబంధమూ లేని షోరూమ్ మనుషులు. ఒక కంపెనీ సామాజిక విషయం మీద మాట్లాడాలా వద్దా అన్న చర్చ సాధారణంగా 'ఇది మన బ్రాండ్ విలువలకు సరిపోతుందా' అన్న ప్రశ్నతో మొదలై అక్కడే ముగుస్తుంది. అసలు లెక్క మాత్రం ఆ తలుపు దగ్గర మొదలవుతుంది.

అందరూ ఒప్పుకునేది, కొందరు కాదనేది

ముందు ఒక తేడా చూడాలి. టాటా టీ 2008లో 'జాగో రే' పేరుతో, జనాగ్రహ అనే సంస్థతో కలిసి, యువతను ఓటర్లుగా నమోదు చేయించే ప్రచారం నడిపింది. మంచి పని. అయితే ఓటు వేయొద్దని వాదించేవాళ్లు ఎవరుంటారు? చెట్లు నాటడం, రక్తదానం, బడిపిల్లలకు పుస్తకాలు కూడా ఈ కోవలోనివే. వీటికి డబ్బు ఖర్చవుతుందేమో గానీ శత్రువులు పుట్టరు. మనం మాట్లాడుకుంటున్నది వీటి గురించి కాదు. కొనేవాళ్లలోనే కొందరు గట్టిగా కాదనే విషయం మీద కంపెనీ తన పేరు పెట్టి ఒక పక్కన నిలబడటం గురించి.

ఆ 'కొందరు' ఎంతమంది అన్నదాని కంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. వాళ్లు ఇప్పటికే కూడగట్టుకుని ఉన్నారా లేదా? ఇదే తనిష్క్ 2013లో పునర్వివాహం మీద ఒక యాడ్ చేసింది. పెళ్లికూతురికి అప్పటికే ఒక చిన్న కూతురు ఉంటుంది. పెళ్లికొడుకు ఆ పాపను కూడా ఎత్తుకుని అగ్ని చుట్టూ తిరుగుతాడు. మన ఇళ్లలో పునర్వివాహం అంటే ముఖం చిట్లించేవాళ్లు అప్పుడూ తక్కువేమీ లేరు. అయినా దేశమంతా ఆ యాడ్‌ను మెచ్చుకుంది. కారణం, పునర్వివాహానికి వ్యతిరేకంగా రోడ్డెక్కడానికి సిద్ధంగా ఉన్న సంఘం ఏదీ లేదు. అయిష్టం ఉన్నా అది ఎవరి ఇంట్లో వాళ్లకే ఉంది.

2020 నాటికి హిందూ ముస్లిం పెళ్లి అనేది అలాంటి విషయం కాదు. దాని మీద సంవత్సరాలుగా ప్రచారం నడుస్తోంది, నినాదాలు తయారై ఉన్నాయి, వాటిని మోసే గుంపులు ఉన్నాయి. యాడ్ వచ్చిన నెలన్నరకే, నవంబర్ చివర్లో, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మత మార్పిళ్ల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. అంటే అప్పటికే మండుతున్న పొయ్యి దగ్గరికి తనిష్క్ వెళ్లింది. కొత్తగా రాజేసింది కాదు. ఒక విషయం మీద రిస్క్ ఎంతో తెలుసుకోవాలంటే, గత ఆరు నెలల్లో దాని మీద కేసు పెట్టినవాళ్లు, ఊరేగింపు తీసినవాళ్లు, ఏదైనా షాపు ముందు కూర్చున్నవాళ్లు ఉన్నారేమో చూడాలి. సర్వేలో 'మీరు దీన్ని సమర్థిస్తారా' అని అడిగితే వచ్చే శాతం ఈ సంగతి చెప్పదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ యాడ్‌లో తప్పు ఉందని నేను అనుకోవడం లేదు. యాడ్లను పరిశీలించే ఏఎస్‌సీఐ కూడా ఫిర్యాదును చూసి, నిబంధనలకు విరుద్ధంగా ఏమీ లేదని తేల్చింది. కానీ నిబంధనల ప్రకారం సరిగ్గా ఉండటం వేరు, నాలుగో రోజు కూడా నిలబడగలగడం వేరు.

సర్ఫ్ ఎక్సెల్ ఎందుకు నిలబడగలిగింది

దీనికి ఏడాదిన్నర ముందు, 2019 ఫిబ్రవరి చివర్లో, సర్ఫ్ ఎక్సెల్ హోలీ యాడ్ వచ్చింది. తెల్ల టీషర్ట్ వేసుకున్న పాప సైకిల్ మీద వీధిలోకి వస్తుంది. పిల్లలందరూ తమ దగ్గరున్న రంగులన్నీ ఆమె మీదే చల్లేలా చేస్తుంది. రంగులు అయిపోయాక, తెల్ల కుర్తాలో ఉన్న ముస్లిం స్నేహితుణ్ణి సైకిల్ ఎక్కించుకుని మసీదు దగ్గర దింపుతుంది. మనకు 'మరక మంచిదే' అని తెలిసిన అదే ప్రచారం. మార్చి రెండో వారానికి సర్ఫ్ ఎక్సెల్‌ను బహిష్కరించాలన్న పిలుపు ట్రెండ్ అయింది. కోపంలో కొందరు ప్లేస్టోర్‌కు వెళ్లి మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ యాప్‌కు ఒక్క స్టార్ ఇచ్చి వచ్చారు. హిందుస్థాన్ యూనిలీవర్ యాడ్‌ను తీయలేదు, క్షమాపణ చెప్పలేదు. హోలీ వెళ్లిపోయింది, గొడవ కూడా వెళ్లిపోయింది.

రెండు యాడ్లలోనూ రెండు మతాలు ఉన్నాయి, స్నేహమే ఉంది. సర్ఫ్ యాడ్ వచ్చినప్పుడు ఎన్నికలు కూడా దగ్గర్లోనే ఉన్నాయి. అయినా ఒక కంపెనీ నిలబడింది, ఒకటి వెనక్కి తగ్గింది. దీన్ని ధైర్యం, పిరికితనం అని తేల్చేయడం తేలిక. నేను అలా చూడను. ఒకదాంట్లో ఉన్నది చిన్నపిల్లలు, రెండోదాంట్లో పెళ్లి, కడుపులో బిడ్డ అన్నది ఒక తేడా. సమాజంలో అన్నిటికంటే ఎక్కువ కాపలా ఉండేది పెళ్లి మీదే. కానీ దానికంటే పెద్ద తేడా వ్యాపారం జరిగే తీరులో ఉంది.

సర్ఫ్‌కు సొంత తలుపు లేదు. కిరాణా కొట్టులో అన్ని సబ్బుల పక్కన అదీ ఉంటుంది. కోపం వచ్చినవాడు ఎక్కడికి వెళ్లి నిలబడాలి? వీధి చివర శెట్టిగారి కొట్టు ముందు గొడవ చేయలేడు కదా. తనిష్క్‌కు అప్పటికే దేశంలో మూడు వందలకు పైగా షోరూమ్‌లు ఉన్నాయి. వాటిలో చాలావాటిని నడిపేది ఫ్రాంచైజీ తీసుకున్న స్థానిక వ్యాపారులు. అద్దాల తలుపు, పైన పెద్ద బోర్డు, లోపల బంగారం. ఒక్క రాయి పడితే చాలు. దీనికి తోడు కాలం. దసరా, ధనత్రయోదశి, దీపావళి అన్నీ రాబోయే నెల రోజుల్లోనే ఉన్నాయి. కరోనాతో నెలల తరబడి మూతపడి తెరిచిన షోరూమ్‌లకు ఆ సీజన్ ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. సర్ఫ్ గొడవకు హోలీతో గడువు తీరింది. తనిష్క్ గొడవ సరిగ్గా సీజన్ గుమ్మం దగ్గర మొదలైంది.

కాబట్టి తనిష్క్ వెనక్కి తగ్గడాన్ని నేను తప్పు పట్టలేను. సిబ్బందికి బెదిరింపులు వస్తుంటే సిద్ధాంతం కోసం వాళ్లను నిలబెట్టే హక్కు ఆఫీసులో కూర్చున్నవాళ్లకు లేదు. కానీ ఆ షోరూమ్‌ల సంగతి యాడ్ తీయకముందు కూడా అందరికీ తెలిసిందే. వాళ్ల క్షేమం ప్రకటన చివరి రోజు రాతలో కాదు, మొదటి రోజు చర్చలో రావాల్సిన విషయం.

అన్నిటికంటే ఖరీదైనది మాట మార్చడం

2023 ఏప్రిల్ 1న అమెరికాలో డిలన్ మల్వేనీ అనే ట్రాన్స్‌జెండర్ ఇన్‌ఫ్లుయెన్సర్ బడ్ లైట్ బీర్ గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో పెట్టారు. ఆమె బొమ్మతో కంపెనీ ఒక క్యాన్ చేసి పంపింది. అది అమ్మకానికి పెట్టింది కూడా కాదు. సంప్రదాయవాదులు మండిపడ్డారు. కంపెనీ దాదాపు రెండు వారాలు దాదాపుగా నోరు విప్పలేదు. 14న సీఈఓ ఒక లేఖ విడుదల చేశాడు. మనుషుల్ని విడదీసే చర్చలో భాగం కావాలని మేం అనుకోలేదు అన్నది దాని సారం. అందులో ఆమెకు మద్దతూ లేదు, చేసిన పనికి క్షమాపణా లేదు. మార్కెటింగ్ చూసే ఇద్దరు అధికారులు సెలవు మీద వెళ్లారు. కోపంగా ఉన్నవాళ్లు చల్లబడలేదు. అప్పటిదాకా మెచ్చుకున్నవాళ్లు, మమ్మల్ని వదిలేశారంటూ దూరమయ్యారు. హ్యూమన్ రైట్స్ క్యాంపెయిన్ అనే హక్కుల సంస్థ ఆ కంపెనీకి ఇచ్చిన రేటింగ్‌ను నిలిపేసింది. రెండేళ్లో మూడేళ్లో కాదు, రెండు నెలల్లోపే, అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే బీర్ స్థానాన్ని బడ్ లైట్ మొడెలో ఎస్పెసియల్ అనే మరో బీర్‌కు వదులుకుంది.

సాధారణంగా ఇలాంటి బహిష్కరణలు ఎక్కువ కాలం నిలవవు. 2020 జూలైలో గోయా అనే ఆహార కంపెనీ అధిపతి వైట్‌హౌస్‌లో ట్రంప్‌ను పొగిడితే, కంపెనీకి ప్రధాన కొనుగోలుదారులైన లాటినో జనంలోంచి బహిష్కరణ పిలుపు వచ్చింది. దానికి పోటీగా ట్రంప్ అభిమానులు కావాలని కొన్నారు. యూరా ల్యూకోనిటె అనే ఆర్థిక శాస్త్రవేత్త, ఇద్దరు సహచరులు కొనుగోలు లెక్కలు తీసి చూస్తే, అమ్మకాలు తగ్గడం అటుంచి 22 శాతం పెరిగాయి. మూడు వారాల్లో ఆ పెరుగుదల కూడా మాయమై ఎప్పటి స్థాయికి వచ్చేశాయి. అదే బృందం బడ్ లైట్‌ను చూసినప్పుడు, మొదటి మూడు నెలల్లో అమ్మకాలు ముందు సంవత్సరాల అవే వారాలతో పోలిస్తే సుమారు 28 శాతం తగ్గినట్టు తేలింది.

ఈ రెండిటికీ మధ్య తేడా మన లెక్కకు చాలా ఉపయోగపడుతుంది. లాటినో వంటల్లో వాడే సరుకుల్లో గోయాకు సమానమైన ప్రత్యామ్నాయం దొరకడం కష్టం. బడ్ లైట్ పక్కనే, అదే ధరకు, దాదాపు అదే రుచితో మరో రెండు బీర్లు ఉంటాయి. పైగా బీర్ నలుగురి మధ్య చేతిలో పట్టుకుని తాగేది. ఏది తాగుతున్నావో పక్కవాడికి కనిపిస్తుంది. గోయా శనగల డబ్బా వంటింట్లో ఉంటుంది, ఎవరూ చూడరు. కొనడం మానేయడానికి ఖర్చు తక్కువగా ఉండి, మానేశామని పదిమందికి కనిపించే వస్తువైతే బహిష్కరణ నిలుస్తుంది. దానికి కంపెనీ మాట మార్చడం కూడా తోడైతే, పక్కన నిలబడేవాళ్లు ఎవరూ మిగలరు.

మాట్లాడకపోతే క్షేమం అనుకోవడానికి కూడా లేదు. 2022లో ఫ్లోరిడాలో, చిన్న తరగతుల్లో లైంగిక ధోరణి గురించి పాఠాలు చెప్పకూడదనే బిల్లు మీద డిస్నీ మొదట బహిరంగంగా ఏమీ అనలేదు. సొంత ఉద్యోగులే ఎదురు తిరిగారు. అప్పుడు కంపెనీ బిల్లును వ్యతిరేకిస్తున్నామంది. వెంటనే రాష్ట్ర ప్రభుత్వం డిస్నీ వరల్డ్ ప్రాంతానికి దశాబ్దాలుగా ఉన్న ప్రత్యేక పాలనాధికారం మీద పడింది. మొదటినుంచీ మౌనంగా ఉండి ఉంటే ఒక వర్గంతోనే పోయేది. మొదటినుంచీ మాట్లాడి ఉంటే ఇంకో వర్గంతోనే పోయేది. మధ్యలో మారడం వల్ల రెండు వర్గాలతోనూ పోయింది.

మన ఊళ్లో వేసి చూద్దాం

ఇదంతా పెద్ద కంపెనీల సంగతి అనిపించవచ్చు. అందుకే మన దగ్గరి ఒక ఊహా లెక్క వేస్తాను. విజయవాడ, గుంటూరు, ఖమ్మం, వరంగల్ లాంటి ఊళ్లలో 12 షాపులున్న ఒక పట్టుచీరల కంపెనీ అనుకుందాం. ఓనర్ గారి కూతురు చదువు ముగించి వ్యాపారంలోకి వచ్చింది. వచ్చే పెళ్లిళ్ల సీజన్‌కు కులాంతర వివాహం మీద యాడ్ చేద్దామంటోంది. మంచి ఆలోచనే. మన రెండు రాష్ట్రాల్లో ఈ విషయం మీద మనుషుల ప్రాణాలు పోయాయని వేరే గుర్తు చేయక్కర్లేదు. అందుకే దీని మీద మాట్లాడేవాళ్లు కావాలి. అందుకే దీన్ని లెక్క లేకుండా ముట్టుకోకూడదు కూడా.

ఏడాది అమ్మకాలు 120 కోట్లు అనుకుందాం. అందులో 40 కోట్లు ఒక్క పెళ్లిళ్ల సీజన్‌వే, అంటే సుమారు 13 వారాలవి. చీర కొన్న ఖర్చు పోగా మిగిలేది 30 శాతం. అద్దెలు, జీతాలు, బ్యాంకు వడ్డీ అన్నీ పోగా ఏడాది చివర నికరంగా మిగిలేది 6 కోట్లు.

మొదటి పరిస్థితిలో, గోయాలో లాగా గొడవ త్వరగానే చల్లారుతుంది. గొడవ మూడు వారాలుండి, అమ్మకాలు 10 శాతం తగ్గాయనుకోండి. సీజన్‌లో వారానికి సుమారు 3 కోట్ల అమ్మకం కాబట్టి, మూడు వారాల్లో తగ్గేది 90 లక్షలు. లాభంలో పోయేది 27 లక్షలు. అది ఒక యాడ్ ప్రచారానికి అయ్యే ఖర్చు లాంటిదే. రెండో పరిస్థితి బడ్ లైట్ లాంటిది. సీజనంతా 25 శాతం తగ్గింది. పోయే అమ్మకం 10 కోట్లు, లాభంలో పోయేది 3 కోట్లు. అద్దె, జీతాలు, వడ్డీ తగ్గవు కాబట్టి, ఆ 3 కోట్లూ నేరుగా 6 కోట్ల నికర లాభంలోంచే పోతాయి. అంటే సగం. అమ్ముడుపోని సరుకు డబ్బు మగ్గాల దగ్గరికి వెళ్లాల్సింది కూడా ఆగుతుంది.

ఈ రెండిటిలో ఏది జరుగుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. కానీ పట్టుచీరల షాపు ఏ వస్తువుకు దగ్గరగా ఉందో చెప్పగలం. పక్క వీధిలోనే ఇంకో నాలుగు చీరల షాపులు ఉంటాయి. పెళ్లి చీరలు ఒక్కరు కొనరు. ఇంటిల్లిపాదీ, పెద్దలందరూ కలిసి వచ్చి కొంటారు. ఆ గుంపులో ఒక్క పెద్దాయన ఆ షాపు వద్దంటే మొత్తం బేరం పోతుంది. యాడ్ నచ్చిన ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఇన్‌స్టాలో లైక్ కొడుతుంది. చీరల బిల్లు కట్టేది మాత్రం ఆమె కాదు. ఇది గోయా కాదు, బడ్ లైట్ కూడా కాదు, అంతకంటే కష్టం. మెచ్చుకునేవాళ్లు వేరు, డబ్బు కట్టేవాళ్లు వేరు అయిన చోట లైకుల లెక్క నమ్మితే మునుగుతాం.

అందుకని ఓనర్ గారు అడగాల్సిన ప్రశ్న, ఈ 3 కోట్లు పోయినా యాడ్ తీయకుండా ఉంటామా అని. ఉంటామంటే చేయాలి. ఉండలేమంటే మొదలే పెట్టకూడదు. మధ్యలో తీసేస్తే 3 కోట్లూ పోతాయి, యాడ్‌ను మెచ్చుకున్న అమ్మాయిలూ పోతారు.

డబ్బు ఒక్కటే కాదు, ఇల్లు కూడా చూసుకోవాలి. 12 షాపుల మేనేజర్లూ ఒకే కులం వాళ్లయితే, యాడ్ వచ్చిన రెండో రోజే ఎవరో ఒకరు ఆ పేర్ల జాబితా ఫేస్‌బుక్‌లో పెడతారు. దానికి సమాధానం ఉండదు. మహిళల భద్రత మీద మాట్లాడే కంపెనీల్లో కూడా ఇదే చూస్తుంటాం. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీలో ఎవరున్నారో కూడా సేల్స్ గర్ల్స్‌కు తెలియని కంపెనీ మహిళా దినోత్సవానికి యాడ్ చేస్తే, మొదట మాట్లాడేది ఆ సేల్స్ గర్ల్సే.

గొడవ మొదలయ్యాక కూడా చూడాల్సింది ట్రెండింగ్ కాదు. తనిష్క్ గొడవ ముదిరిన రోజున దాని యజమాని అయిన టైటన్ కంపెనీ షేరు సుమారు 2 శాతం పడింది, ఛానెళ్లన్నీ దాన్నే చూపించాయి. కానీ ఆ అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు మూడు నెలల్లో కంపెనీ నగల అమ్మకాలు అంతకు ముందు ఏడాది కంటే పెరిగాయి. యాడ్ తీసేశారు కాబట్టి పెరిగాయా, తీయకపోయినా పెరిగేవా అని ఈ అంకె నుంచి తేల్చలేం. షేరు ధర ఆ రోజు చెప్పింది మాత్రం అమ్మకాల సంగతి కాదు. మన చీరల కంపెనీ అయితే చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఒక్కో షాపుకు రోజూ ఎంతమంది వస్తున్నారు, నిరుడు ఇదే ముహూర్తాల వారంలో ఎంతమంది వచ్చారు? ఇచ్చిన అడ్వాన్సులు వెనక్కి అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? తిడుతున్న ఫోన్లు మన షాపులున్న ఊళ్ల నుంచి వస్తున్నాయా, చీర ఎప్పుడూ కొనని ఊళ్ల నుంచా? పక్క షాపు కూడా ఖాళీగా ఉంటే కారణం మనం కాదు, ఎండలో వానలో అయి ఉండాలి. మన షాపు ఖాళీగా ఉండి పక్కది నిండి ఉంటే అప్పుడు టెన్షన్ పడాలి.

ఓనర్ స్థానంలో నేనుంటే ఈ సీజన్‌కు ఆ యాడ్ చేయను. ముందు 12 మంది మేనేజర్లను పిలిచి స్క్రిప్ట్ చదివి వినిపిస్తాను. ఏ ఊళ్లో ఏం జరగవచ్చో వాళ్లకు తెలిసినంత ఏ ఏజెన్సీకీ తెలియదు. ఎవరైనా మా ఊళ్లో కష్టం సార్ అంటే, ఆ ఊరి షాపుకు ఎవరు కాపలా ఉంటారు, ఫోన్లు ఎవరి నంబర్‌కు మళ్లించాలి, రెండు రోజులు షట్టర్ దించాల్సి వస్తే జీతం కట్ కాదని ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. మేనేజర్ల నియామకం మార్చడానికి ఒక ఏడాది పడుతుంది, అది ఇప్పుడే మొదలుపెట్టాలి. వచ్చే ఏడాది మాఘమాసం ముహూర్తాలకు, లాభంలోంచి 3 కోట్లు పక్కన పెట్టాక, ఆ అమ్మాయి స్క్రిప్ట్ మళ్లీ బల్ల మీదికి రావాలి. అప్పుడు కూడా మొదటి ప్రశ్న వరంగల్ మేనేజర్‌నే అడుగుతాను.